వీధి ఫోటోలో 12 అడుగుల వినాయకుడు: కంటిమట్టం గీత పట్టుకుని సైజు తేల్చే పద్ధతి

వినాయక చవితికి నెల ముందు నుంచే మా వీధి కుర్రాళ్ళు ఎవరో ఒకరు ఓ ఫోటో పంపి "అన్నా, గుడి పక్క సందులో 12 అడుగుల బొమ్మ పెడితే ఎలా ఉంటదో కాస్త పెట్టి చూపించవా, బయానా ఇచ్చే ముందు చూసుకుంటాం" అని అడుగుతారు. మామూలుగా ఏం చేస్తాం, నెట్ లో ఓ పీఎన్‌జీ బొమ్మ తీసుకుని ఫోటో మీద పడేసి, కంటికి బాగుందనిపించేదాకా లాగి వదిలేస్తాం. నేనూ రెండేళ్ళు అలాగే చేశాను, నిజం బొమ్మ వచ్చాక చూస్తే నా ఫోటోలో ఉన్నదానికంటే చాలా పెద్దగా ఉంది, సందు సగం మూసుకుపోయింది. తప్పు ఎక్కడంటే, మన కన్ను ఏ సైజుకైనా ఇట్టే అలవాటు పడిపోతుంది, పది నిమిషాలు చూస్తే 8 అడుగుల బొమ్మ కూడా 12 అడుగులదే అనిపిస్తుంది. అందుకని కొలవాలి. కొలవడానికి కావాల్సినవన్నీ ఆ ఫోటోలోనే ఉంటాయి.

అసలు సూత్రం ఏంటంటే

వైజాగ్ ఆర్కే బీచ్ లో నిలబడి సముద్రం వైపు చూడండి. నీళ్ళూ ఆకాశం కలిసే గీత, అంటే హొరైజన్, మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. మీ ముందు ఇసుకలో జనం ఉన్నారనుకుంటే, మీ అంత ఎత్తున్న వాళ్ళందరి కళ్ళూ ఆ గీత మీదే ఉంటాయి, వాళ్ళు పది అడుగుల దూరంలో ఉన్నా వంద అడుగుల దూరంలో ఉన్నా సరే. దూరంగా ఉన్నవాళ్ళ కాళ్ళు గీతకి దగ్గరగా జరుగుతాయి గానీ కళ్ళు మాత్రం గీత దాటి పైకీ పోవు కిందికీ రావు. పిల్లల తలలు గీత కింద ఉంటాయి, లైటు స్తంభాలు గీత దాటి పైకి పోతాయి.

ఫోటోలో కూడా అంతే, కన్ను బదులు కెమెరా లెన్స్ అనుకోండి. లెన్స్ నేల నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటే, ఆ సమతల నేల మీద నిలబడ్డ ప్రతి వస్తువునీ హొరైజన్ గీత సరిగ్గా 5 అడుగుల దగ్గర కోస్తుంది. అంటే వస్తువు నేలని తాకిన చోటు నుంచి గీత దాకా ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో అదే అక్కడి 5 అడుగులు. మిగతాది చిన్న త్రైరాశికమే:

```
pixel_height = H * (y_base - y_horizon) / h_camera
```

ఇందులో `H` మనం పెట్టబోయే వస్తువు అసలు ఎత్తు, `h_camera` కెమెరా ఎత్తు, రెండూ అడుగుల్లో. `y_base` వస్తువు నేలని తాకే చోటు, `y_horizon` గీత ఉన్న చోటు. ఈ రెండూ ఫోటో పై అంచు నుంచి కిందికి లెక్కపెట్టిన పిక్సెల్స్. ఫోటోషాప్ లో అయితే ఇన్ఫో ప్యానెల్ లో మౌస్ ఎక్కడుందో చూపిస్తుంది, జింప్ లో కింద స్టేటస్ బార్ లో కనిపిస్తుంది. దూరం ఎంత, ఏ లెన్స్ అనేవి సూత్రంలో ఎక్కడా లేవు చూడండి, అదే దీని అందం. ఫోటోని క్రాప్ చేసినా లెక్క చెడదు.

ముందు ఫోటో సంగతి

ఫోటో మీరే తీసే అవకాశం ఉంటే సగం పని అక్కడే అయిపోతుంది. ఫోన్ లో గ్రిడ్ ఆన్ చేసుకుని, ఫోన్ ని వెనక్కి వంచకుండా నిటారుగా పట్టుకుని తీయండి. టేపు పెట్టి లెన్స్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకోండి. బొమ్మ కూర్చునే చోట ఒక ఇటుక, స్టేజీ ముందు అంచు వచ్చే చోట ఇంకో ఇటుక పెట్టి తీయండి, ఈ ఇటుకల విలువ తర్వాత తెలుస్తుంది. 0.5 ఎక్స్ వైడ్ మాత్రం వద్దు, అంచుల్లో గీతలు వంగిపోతాయి, వంగిన గీతలతో హొరైజన్ దొరకదు.

బొమ్మ తల పైదాకా పట్టాలని ఫోన్ బాగా పైకెత్తి తీసిన ఫోటో ఇచ్చారనుకోండి, స్తంభాలూ గోడలూ పైకి వెళ్ళేకొద్దీ లోపలికి ఒరిగి కనిపిస్తాయి. అలాంటిది ముందు కెమెరా రా ఫిల్టర్ లో జామెట్రీ కింద ఉన్న అప్‌రైట్ తో నిలువు గీతలు నిటారు చేసుకుని ఆ తర్వాతే కొలవండి. ఒరుగు పిసరంత ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఫోటో పక్కకి వాలి ఉంటే అదీ ముందే సరిచేయాలి, లేకపోతే హొరైజన్ ఏటవాలుగా వచ్చి ఎడమ పక్క ఓ లెక్క కుడి పక్క ఓ లెక్క వస్తుంది.

హొరైజన్ గీత పట్టుకోవడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సందు చివర ఇళ్ళ మీద ఆకాశం ఎక్కడ మొదలైందో అది హొరైజన్ కాదు. రోడ్డు కనుమరుగయ్యే మలుపు కూడా కాదు. వీధిలో హొరైజన్ దాదాపు ఎప్పుడూ ఇళ్ళ వెనకో చెట్ల వెనకో దాక్కుని ఉంటుంది, మనం గీతలు గీసి పట్టుకోవాలి.

నిజంలో ఒకదానికొకటి సమాంతరంగా, నేలకి సమంగా ఉండే అంచులు వెతకండి. డ్రైనేజీ పలకల అంచు, కాంపౌండ్ గోడ అడుగు అంచు, అదే గోడ పై అంచు, దుకాణం షట్టర్ పై అంచు, బాల్కనీ స్లాబు అంచు. లైన్ టూల్ తో ఒక్కోదాని మీద సన్నటి ఎర్ర గీత గీసి దూరంగా పొడిగించండి. కెమెరా ఎత్తుకంటే కింద ఉన్న అంచులు పైకి లేస్తాయి, పైన ఉన్నవి కిందికి దిగుతాయి, అన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తాయి. ఆ బిందువు మీంచి అడ్డంగా ఒక గైడ్ లాగితే అదే హొరైజన్.

మూడు నాలుగు గీతలు గీస్తే అచ్చంగా ఒకే చుక్క దగ్గర కలవవు, 20, 30 పిక్సెల్స్ తేడాలు వస్తాయి, కంగారు పడొద్దు. పొడుగ్గా, స్పష్టంగా కనిపించే అంచుల మాట ఎక్కువ వినండి. ఒక గీత మాత్రం మరీ 200 పిక్సెల్స్ దూరం పోయిందంటే ఆ గోడ అసలు వీధికి సమాంతరంగా లేదని అర్థం, పాత ఊళ్ళలో గోడలు వంకరగా కట్టడం మామూలే, దాన్ని వదిలేయండి. వేరే దిక్కుకి తిరిగిన ఇల్లు ఉంటే దాని అంచులు వేరే చోట కలుస్తాయి కానీ ఆ చోటు కూడా ఇదే హొరైజన్ గీత మీద ఉండాలి, అలా ఉంటే మీ గీత కరెక్టని గట్టి రుజువు దొరికినట్టే.

ఇంకో తేలిక చెక్ ఉంది. ఫోన్ నిటారుగా పట్టి తీసి, క్రాప్ చేయని ఫోటో అయితే హొరైజన్ ఫోటో సరిగ్గా మధ్యలో ఉండాలి. మా సందు ఫోటో 4000 బై 3000, మధ్య 1500. నాకు గీతలతో వచ్చింది 1380. ఫోటో పంపిన కుర్రాడు ఫోన్ కాస్త కిందికి వంచి తీసినట్టున్నాడు, గీత మధ్యకంటే కొంచెం పైన ఉండటం సహజమే. 400 అనో 2500 అనో వచ్చి ఉంటే మళ్ళీ మొదట్నుంచి చూసుకునేవాడిని.

తెలిసిన ఎత్తుతో కెమెరా ఎత్తు తేల్చడం

మా కుర్రాడు టేపు పెట్టలేదు కాబట్టి కెమెరా ఎత్తు ఫోటోలోంచే రాబట్టాలి. సందులో ఒక ఆటో ఆగి ఉంది. బజాజ్ ఆర్‌ఈ ఆటో ఎత్తు సుమారు 1.7 మీటర్లు, అంటే 5.6 అడుగులు. ఫోటోలో ఆటో అడుగు 2060 దగ్గర, టాపు 1290 దగ్గర ఉన్నాయి, మొత్తం 770 పిక్సెల్స్. అడుగు నుంచి హొరైజన్ దాకా 2060 లోంచి 1380 తీస్తే 680. సూత్రాన్ని తిప్పి వేస్తే కెమెరా ఎత్తు 5.6 ఇంటూ 680 బై 770, అంటే 4.95 అడుగులు. ఐదున్నర అడుగుల మనిషి ఫోన్ ని ముఖం ముందు పట్టుకుంటే లెన్స్ సరిగ్గా అంతలోనే ఉంటుంది, నమ్మొచ్చు.

ఒక్కదాన్నే నమ్మి ముందుకెళ్ళకండి. ఆటోలో ఒక చిక్కుంది, ముందు చక్రం ఒక చోట నేలని తాకుతుంది, వెనక చక్రాలు ఇంకో చోట, టాపు ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మీరు కొలిచే టాపు బిందువుకి సరిగ్గా కింద నేల మీద ఏ చోటు ఉందో అదే `y_base` అవ్వాలి, కెమెరాకి దగ్గరున్న చక్రం కాదు. అందుకే నాకు ఆటోకంటే గేటు స్తంభం లాంటివి ఎక్కువ ఇష్టం, నిటారుగా ఒకే చోట లేస్తాయి, మర్నాడు టేపు పట్టుకెళ్ళి కొలుచుకోవచ్చు కూడా. ఈ సందులో ఒక ఇంటి గేటు స్తంభం 6 అడుగులు. ఫోటోలో అడుగు 1860, ఎత్తు 580 పిక్సెల్స్. హొరైజన్ దాకా 480. లెక్క 4.97 వచ్చింది. ఆటో 4.95 అంది, గేటు 4.97 అంది, ఇంతకంటే దగ్గరగా కలవాలని ఆశపడక్కర్లేదు. 4.95 ఖాయం చేసుకున్నాను.

ఇంటి తలుపు 7 అడుగులు కదా అని దాన్ని పట్టుకునేవాళ్ళు చాలామంది. తలుపు 7 అడుగులే, కానీ మన ఇళ్ళకి అరుగులూ మెట్లూ ఉంటాయి, తలుపు అడుగు రోడ్డు మట్టంలో ఉండదు, రెండు మూడు అడుగుల పైన ఉంటుంది. దాని గడప నుంచి హొరైజన్ దాకా కొలిస్తే కెమెరా ఎత్తు రెండు అడుగులు తక్కువ వస్తుంది. రోడ్డు మట్టంలోనే ఉన్న షట్టర్ అయితే పర్లేదు. మనుషుల్ని కూడా కొలతకి వాడను, ఎవరు ఎంత ఎత్తో తెలీదు, నడిచేటప్పుడు కాళ్ళు ఎడంగా ఉండి ఓ అంగుళం రెండంగుళాలు తగ్గుతారు. కానీ చివర్లో సరిచూసుకోడానికి మనుషులు బాగా పనికొస్తారు.

హొరైజన్ కొంచెం తప్పు పడితే ఎంత నష్టం అనే డౌట్ రావాలి మీకు. నేను కావాలనే 30 పిక్సెల్స్ పైకి జరిపి 1350 పెట్టి చూశాను. ఆటో లెక్కతో కెమెరా ఎత్తు 5.16 అయింది, చివరికి బొమ్మా స్టేజీ కలిపి ఎత్తులో వచ్చిన తేడా 3 శాతం, అంటే 15 అడుగుల మీద అర అడుగు లోపే. ఎందుకంత తక్కువంటే, ఆ తప్పు గీతతోనే కెమెరా ఎత్తూ తీశాం, అదే గీతతో బొమ్మ సైజూ తీశాం, తప్పులో చాలా భాగం కొట్టుకుపోయింది. తెలిసిన వస్తువు బొమ్మ పెట్టే వరుసకి ఎంత దగ్గరుంటే తప్పు అంత తగ్గుతుంది, సరిగ్గా అదే వరుసలో ఉంటే హొరైజన్ తో పనే లేదు. కానీ టేపుతో కొలిచిన కెమెరా ఎత్తుని తప్పు హొరైజన్ తో కలిపితే ఇలా కొట్టుకుపోదు, పూర్తి తప్పు మీద పడుతుంది, అక్కడ గీత జాగ్రత్తగా గీయాలి.

ఇప్పుడు బొమ్మ

బొమ్మ కూర్చునే చోట పెట్టిన ఇటుక ఫోటోలో 1780 దగ్గర ఉంది. హొరైజన్ దాకా 400 పిక్సెల్స్. 400 ని 4.95 తో భాగిస్తే ఆ వరుసలో ఒక అడుగుకి 80.8 పిక్సెల్స్. ఈ ఒక్క అంకె కాగితం మీద రాసుకుంటే చాలు, ఆ వరుసలో ఏది కావాలన్నా దీంతో గుణించడమే.

స్టేజీ ఎత్తు 3 అడుగులు, అంటే 242 పిక్సెల్స్, కాబట్టి బొమ్మ అడుగు 1538 దగ్గర మొదలవుతుంది. బొమ్మ 12 అడుగులు, అంటే 970 పిక్సెల్స్, కిరీటం కొస 568 దగ్గరికి వెళ్ళాలి. గాల్లో లేచి ఉన్న వస్తువుకి కూడా ఇదే పద్ధతి, దాని కింద నేల మీద చోటు ఏదో పట్టుకుని అక్కడి అడుగు లెక్కతో పైకి పోవడమే. బొమ్మ అడుగు 1538 ని `y_base` అనుకుని సూత్రంలో వేశారంటే 383 పిక్సెల్స్ వస్తుంది, మరుగుజ్జు వినాయకుడు అవుతాడు. స్టేజీ మీద పెట్టే ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ తప్పు చేస్తూనే ఉంటారు.

స్టేజీ ముందు అంచు బొమ్మకంటే 4 అడుగులు మనవైపు ఉంది, రెండో ఇటుక 1828 దగ్గర కనిపిస్తోంది. అక్కడ హొరైజన్ దాకా 448, అడుగుకి 90.5 పిక్సెల్స్. ఒకే స్టేజీలో నాలుగు అడుగులు ముందుకొస్తే అడుగుకి పది పిక్సెల్స్ పెరిగాయి, ఇటుక పెట్టమన్నది ఇందుకే. ముందు అంచు పైభాగం 1556 దగ్గర వస్తుంది, బొమ్మ అడుగు 1538 దగ్గర, అంటే స్టేజీ పై చెక్క మనకి ముందు అంచు నుంచి బొమ్మ దాకా 18 పిక్సెల్స్ సన్నటి పట్టీలా మాత్రమే కనపడాలి. దాన్ని వెడల్పుగా గీస్తే మేడ మీంచి చూస్తున్నట్టు ఉంటుంది.

పీఎన్‌జీ ని సైజు చేసే ముందు చుట్టూ ఉన్న ఖాళీ ట్రిమ్ చేయండి. కంటికి కనపడని ఖాళీ, కింద నీడ మరక, ఇవన్నీ బాక్సు ఎత్తులో కలిసిపోతాయి, మీరు 970 అని కొట్టినా బొమ్మ 850 వస్తుంది. తర్వాత ఫోటోషాప్ లో `Ctrl+T` నొక్కి, వెడల్పూ ఎత్తూ కలిపి మారే లింకు ఆన్ లో ఉంచి, ఎత్తు గడిలో `970 px` అని టైప్ చేయండి. 12 అడుగులంటే కిరీటం దాకానా, వెనక మకరతోరణం దాకానా, కింద పీఠం కలిపా అన్నది బొమ్మలు చేసేవాళ్ళని అడిగి తెలుసుకోండి, ఒక్కో చోట ఒక్కోలా లెక్కేస్తారు.

సైజు కరెక్టే, అయినా బొమ్మలా లేదు

ఇక్కడిదాకా వచ్చి లెక్కంతా సరిపోయినా కొన్నిసార్లు చూడగానే బల్ల మీద పెట్టిన చిన్న మట్టి బొమ్మని పెద్దది చేసినట్టుంటుంది. లెక్క తప్పు కాదు, బొమ్మ ఫోటో తీసిన ఎత్తు తప్పు. మన వీధిలో హొరైజన్ 4.95 అడుగుల దగ్గర ఉంది, స్టేజీ 3 అడుగులు తీసేస్తే బొమ్మని అడుగు నుంచి 2 అడుగుల లోపే కోస్తోంది, అంటే కూర్చున్న స్వామి పాదాల దగ్గర. అంటే మోకాళ్ళూ, చేతిలో లడ్డూ, తొండం, అన్నీ మనకి కింది నుంచి కనపడాలి. లడ్డూ ఉన్న అరచేయి పైభాగం కనపడుతోందంటే ఆ ఫోటో 4 అడుగుల బొమ్మని నిలబడి తీసినది, దాని హొరైజన్ కిరీటం దగ్గరుంది. దాన్ని ఎంత లాగినా 12 అడుగులది అవ్వదు. పెద్ద మండపంలో కింద నిలబడి తీసిన బొమ్మ ఫోటో వెతకండి, లేదా చిన్న బొమ్మనే దాని ఎత్తులో ఆరో వంతు దగ్గర ఫోన్ పెట్టి, కాస్త దూరం జరిగి మీరే తీసుకోండి.

ఎక్కడ ఈ పద్ధతి ఆగిపోతుంది

మొత్తం లెక్క నేల సమతలంగా ఉందన్న దాని మీదే నిలబడింది. వైజాగ్ లోనో జూబ్లీహిల్స్ లోనో మీ ముందు పైకి ఎక్కే రోడ్డు అయితే రోడ్డు అంచులు ఒక ఎత్తులో కలుస్తాయి, ఇళ్ళ కిటికీల అంచులు దానికంటే కింద కలుస్తాయి. రెండూ వేరుగా వచ్చాయంటే రోడ్డు వాలుగా ఉందని గుర్తు. మీరూ బొమ్మా అదే వాలు మీద ఉంటే రోడ్డు అంచులు కలిసే ఎత్తునే గీతగా తీసుకోండి, లెక్క సరిగ్గానే వస్తుంది. మధ్యలో రోడ్డు వాలు మారితే మాత్రం గీత మానేసి బొమ్మ పక్కనే ఉన్న తెలిసిన వస్తువుతో పోల్చుకోవడం ఒక్కటే దారి.

కరెంటు తీగల విషయం విడిగా చెప్పాలి. ఫోటోలో కిరీటం కొస తీగ కింద ఉందని బొమ్మ తీగ కింద పడుతుందని అనుకోకండి, తీగ ఎంత దూరంలో ఉందో ఫోటో చెప్పదు. తీగ బిగించిన స్తంభం అడుగు తెలిస్తే అక్కడి ఎత్తు కట్టొచ్చు. మా సందులో స్తంభం అడుగు 1700, తీగ 530, లెక్కేస్తే 18 అడుగులు వచ్చింది, కానీ రెండు స్తంభాల మధ్య తీగ సాగి ఎంత కిందికి దిగిందో తెలీదు. మా లెక్కలో బొమ్మ స్టేజీతో కలిపి 15 అడుగులు, ఊరేగింపు రోజు బండి ఎక్కితే ఇంకా ఎత్తు. ఇది లైన్‌మన్ వచ్చి చూడాల్సిన పని, ఫోటో మీద తేల్చేది కాదు.

చివరి చెక్

ఫోటోలో ముందువైపు నడుస్తున్న ఒకాయన పాదాలు 2150 దగ్గర, తల 1295 దగ్గర ఉన్నాయి. అక్కడ అడుగుకి 155.6 పిక్సెల్స్, అంటే ఆయన ఐదున్నర అడుగులు, నమ్మేలాగే ఉంది. ఆయన ఏడడుగులు వచ్చి ఉంటే ఎక్కడో గీత తప్పినట్టే.

తర్వాత వెడల్పు. ఒక వరుసలో అడుగు లెక్క నిలువుకీ అడ్డానికీ ఒకటే. బొమ్మ వరుసలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా 1460 పిక్సెల్స్, 80.8 తో భాగిస్తే 18 అడుగుల సందు. కుర్రాళ్ళు స్టేజీ 10 అడుగుల వెడల్పు అన్నారు, మిగిలేది 8 అడుగులు. ఆటో హాయిగా పోతుంది, వాటర్ ట్యాంకర్ మాత్రం గోడ రాసుకుంటుంది. ఫోటో చూపించి ఇదే మాట చెప్తే ఓ పది నిమిషాలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని "స్టేజీ 8 అడుగులు చేద్దాం అన్నా, బొమ్మ అదే ఉంచు" అన్నారు. ముందు అంచుని 905 పిక్సెల్స్ నుంచి 724 కి తగ్గించి, బొమ్మ కింద నీడ వేసి పంపించాను.